60 అక్షరాల శీర్షిక తెగిపోతోంది, 80 అక్షరాలది నిండుగా కనిపిస్తోంది. ఎందుకు?

ఓరుగల్లు_వాకిలి
హనుమకొండ నుంచి చిన్న వార్తల సైటు నడుపుతున్నాను. శీర్షిక 60 అక్షరాలు దాటకూడదని ఎక్కడ చూసినా రాసి ఉంటుంది. రెండేళ్ళుగా ఆ నియమం తప్పకుండా, ప్రతి శీర్షికనూ లెక్కపెట్టే పెడుతున్నాను. మొన్న గూగుల్‌లో మా సైటు వార్తలు వెతికి చూస్తే అంతా తలకిందులుగా ఉంది.

ఇది చివర తెగిపోయింది, మునగకాయ ఉండాల్సిన చోట మూడు చుక్కలు ఉన్నాయి:
హనుమకొండలో ఈరోజు కూరగాయల ధరలు: టమాటా, వంకాయ, బీరకాయ, మునగకాయ

ఇది మాత్రం చివరి మాట దాకా కనిపిస్తోంది:
విద్యార్థినులకు రాష్ట్ర స్త్రీ శిశు సంక్షేమ శాఖ ప్రత్యేక శిక్షణ కేంద్రం ప్రారంభం

మొదటిది సరిగ్గా 60. రెండోది హడావిడిలో లెక్కపెట్టకుండా పెట్టాను, ఇప్పుడు చూస్తే 80. నియమం పాటించినదాన్ని కోసి, పాటించనిదాన్ని వదిలేశారు. విచిత్రం ఇంకొకటి ఉంది. మా సైటులోనే వార్త కింద ‘ఇవి కూడా చదవండి’ అనే పెట్టె ఉంటుంది. అక్కడ కూరగాయల శీర్షిక మొత్తం వస్తోంది, శిక్షణ కేంద్రం శీర్షిక తెగుతోంది! రెండు చోట్లా ఒకే శీర్షికలు, ఫలితం మాత్రం ఒకదానికొకటి వ్యతిరేకం. ఎవరికైనా అర్థమైతే చెప్పండి.

జమ్మికుంట_శ్రీను
మునగకాయ పొడుగు కదా అన్నా, అందుకే పట్టలేదు.

డీటీపీ_మల్లన్న
ఇరవై ఏళ్ళు పత్రికలకు పేజీలు పెట్టాను. శీర్షిక కాలమ్‌లో పట్టకపోతే మేము అక్షరాన్ని రెండు పాయింట్లు తగ్గించేవాళ్ళం, లేకపోతే అడ్డంగా 90 శాతానికి కుదించేవాళ్ళం. మీ శీర్షిక ఫాంటు సైజు తగ్గించి చూడండి.

ఓరుగల్లు_వాకిలి
మల్లన్న గారూ, నా పేజీలో అయితే మీరు చెప్పినట్టే చేసేవాడిని. గూగుల్ ఫలితాల్లో ఫాంటు, సైజు నా చేతిలో ఉండవు. నేను ఇచ్చేది మాటలు మాత్రమే.

కోడు_కాజీపేట
నువ్వు లెక్కపెడుతున్నది అక్షరాలను కాదు, యూనికోడ్ సంకేతాలను. లెక్కించే పెట్టెకు ‘స్త్రీ’ అంటే ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. మనకు అది ఒక్క అక్షరం. కాబట్టి అక్షరాలను లెక్కపెట్టు, సమస్య తీరుతుంది. కొత్త బ్రౌజర్లలో ఇది చాలు:

```
[...new Intl.Segmenter('te').segment('స్త్రీ')].length
```

నీ కూరగాయల శీర్షికలో 32 అక్షరాలు ఉన్నాయి, శిక్షణ కేంద్రం శీర్షికలో 27. అందుకే రెండోది పట్టింది. ఇంత తేలిక.

ఫాంటుల_పెట్టె
కాజీపేట తమ్ముడు సగం దారి వరకు సరిగ్గానే తీసుకువెళ్ళాడు. ఆ రెండు శీర్షికలనూ విడదీసి చూస్తే తేడా ఎక్కడుందో తెలుస్తుంది.

శిక్షణ కేంద్రం శీర్షికలో పన్నెండు వత్తులు ఉన్నాయి. ‘విద్యార్థి’లో రెండు, ‘రాష్ట్ర’లో రెండు, ‘స్త్రీ’లో రెండు, ‘ప్రత్యేక’లో రెండు, ‘సంక్షేమ’, ‘శిక్షణ’, ‘కేంద్రం’, ‘ప్రారంభం’లో ఒక్కొక్కటి. ప్రతి వత్తుకూ లెక్కలో రెండు సంకేతాలు పడతాయి, ఒకటి పొల్లుకు, ఒకటి హల్లుకు. అంటే 80లో 24 సంకేతాలు అక్షరం కిందకు వెళ్ళి కూర్చున్నాయి. అవి వరుసలో చోటు తీసుకునేది ఏమీ లేదు, లేదా చాలా తక్కువ. కూరగాయల శీర్షికలో ఒక్క వత్తు కూడా లేదు. దాని 60 సంకేతాలూ పక్కపక్కనే పరుచుకుని ఉన్నాయి.

అయితే అక్షరాలు లెక్కపెట్టినా మోసపోతాం. ‘ర’ ఒక అక్షరం, ‘మూ’ కూడా ఒక అక్షరమే. పక్కపక్కన పెట్టి చూడండి, దాదాపు రెండింతల తేడా ఉంటుంది. గుడి, ఎత్వం అక్షరం నెత్తిమీద ఉంటాయి కాబట్టి వెడల్పు పెంచవు. కొమ్ము, కొమ్ముదీర్ఘం కుడివైపుకు సాగుతాయి. సున్న తన వంతు చోటు తాను పూర్తిగా తీసుకుంటుంది, ‘సం’ ఒక అక్షరమని లెక్కవేస్తే ఆ సున్న లెక్కలోకే రాదు. నిజంగా తెగేది వెడల్పును బట్టి, అంటే పిక్సెళ్ళను బట్టి. లెక్కపెట్టడం మానేసి కొలవాలి.

డీటీపీ_మల్లన్న
ఇప్పుడు అర్థమైంది. నేను ప్రశ్నను వేరేగా తీసుకున్నాను. అమ్మాయి చెప్పింది నిజం. అను ఫాంట్లతో శీర్షిక కొట్టేటప్పుడు ‘కొమ్ములు ఎన్ని ఉన్నాయి’ అని చూసేవాళ్ళం. ‘ముహూర్తం’ వస్తే భయం, ‘పెళ్ళి’ వస్తే సంతోషం. చోటు అంత మిగిలేది.

కోడు_కాజీపేట
సరే, కొలుద్దాం. ఒక్కో సంకేతం వెడల్పు కొలిచి కూడితే సరిపోతుంది కదా? రాసి చూశాను, కానీ ఫలితం వింతగా ఉంది. ‘స్త్రీ’కి ‘మామూలు’ కంటే చిన్న అంకె రావాలి. నాకు రెండూ దగ్గర దగ్గరగా వస్తున్నాయి.

ఫాంటుల_పెట్టె
నువ్వు ఆ ముక్కలను విడివిడిగా తెర మీద వేసి చూడు. పొల్లు ఒంటరిగా వస్తే, గుడిదీర్ఘం ఒంటరిగా వస్తే, కింద ఒక చుక్కల వలయం కనబడుతుంది. గుర్తుకు ఆధారంగా హల్లు లేనప్పుడు బ్రౌజరు తనంతట తానే ఆ వలయాన్ని పెడుతుంది. నువ్వు ఆ వలయం వెడల్పును కూడా కలుపుతున్నావు. ‘స్త్రీ’లో రెండు పొల్లులు, ఒక గుడిదీర్ఘం ఉన్నాయి, అంటే లేని వలయాలు మూడు నీ మొత్తంలోకి వచ్చాయి. పైగా త, ర రెండూ వత్తులుగా కాకుండా నిండు అక్షరాలుగా కొలతలోకి వచ్చాయి.

తెలుగును ముక్కలుగా కొలవకూడదు. మాట మొత్తాన్ని, ఇంకా మంచిది శీర్షిక మొత్తాన్ని, ఒకేసారి ఇచ్చి కొలిపించాలి:

```
const c = document.createElement('canvas').getContext('2d');
c.font = '20px "Nirmala UI"';
c.measureText('మామూలు').width / c.measureText('స్త్రీ').width
```

రెండు మాటలకూ ఆరేసి సంకేతాలు. లెక్క ప్రకారం సమానం.

కోడు_కాజీపేట
మూడుకు అటూ ఇటూగా వచ్చింది. సమానమనుకున్న రెండు మాటల్లో ఒకటి ఇంకొకదానికి మూడింతలు! ముందు రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను, అక్షరాల లెక్క కూడా చాలదు. అన్నట్టు, నేను ఇచ్చిన సెగ్మెంటరు కూడా అన్ని చోట్లా ఒకేలా చెప్పడం లేదు. ఇంట్లో ‘స్త్రీ’కి 1 వచ్చింది, ఆఫీసులోని పాత కంప్యూటర్‌లో 3 వచ్చింది.

ఫాంటుల_పెట్టె
అది యూనికోడ్ నియమం మారినందువల్ల. పొల్లు దగ్గర విడగొట్టకుండా తెలుగు సంయుక్తాక్షరాన్ని ఒకటిగా ఉంచాలన్న నియమం 2023లో వచ్చిన 15.1 నుంచి ఉంది. పాత బ్రౌజరు స్‌, త్‌, రీ అని మూడుగా చూస్తుంది.

పరకాల_వంటిల్లు
నా బాధ వేరు. నాకు యూట్యూబ్‌లో వంటల ఛానల్ ఉంది. శీర్షిక 100 దాటితే తీసుకోదు. మొన్న ‘సర్వపిండి’ వీడియోకు పెట్టిన పేరు తెర మీద చూస్తే చిన్నగా ఉంది, అయినా ఎక్కువైందని ఎర్ర గీత వచ్చింది. అంతకు ముందు అంతకంటే పొడుగ్గా కనిపించే పేరును తీసుకుంది. మీరు చెప్పే పిక్సెళ్ళ ప్రకారం అయితే చిన్నగా కనిపించేదే పట్టాలి కదా?

ఫాంటుల_పెట్టె
అక్కా, మీకు అడ్డుపడింది వేరే గోడ. ఆ 100 అనేది శీర్షికను దాచుకోవడానికి పెట్టిన హద్దు, అక్కడ నిజంగానే సంకేతాలను లెక్కపెడతారు. వత్తులు ఎక్కువున్న పేరు చూపుకు చిన్నగా ఉన్నా ఆ లెక్కలో పెద్దది అవుతుంది. ఫోనులో వీడియో కింద పేరు ఎక్కడ తెగుతుందన్నది మాత్రం వెడల్పును బట్టి ఉంటుంది. రాసేటప్పుడు ఎర్ర గీత వస్తే సంకేతాలు తగ్గించాలి, చూసేవాళ్ళకు తెగితే వెడల్పు తగ్గించాలి. ఒకదానికి చేసిన మందు రెండోదానికి పనిచేయదు.

పరకాల_వంటిల్లు
అందుకేనా! ‘ప్రత్యేక’, ‘సంప్రదాయ’ అని రెండు మాటలు తీసేస్తే వెంటనే తీసుకుంది. ఎందుకో తెలియక ఊరుకున్నాను.

ఓరుగల్లు_వాకిలి
అయితే మా సైటులోని ‘ఇవి కూడా చదవండి’ పెట్టె కూడా పరకాల అక్క చెప్పినలాంటిదేనా? గూగుల్‌లో కూరగాయలు తెగడం అర్థమైంది. మా పెట్టెలో శిక్షణ కేంద్రం ఎందుకు తెగుతోంది?

ఫాంటుల_పెట్టె
ఆ పెట్టెలో ఎక్కడ తెగిందో ఉన్నది ఉన్నట్టు రాయండి.

ఓరుగల్లు_వాకిలి
“విద్యార్థినులకు రాష్ట్ర స్త్రీ శిశు సంక్షేమ శాఖ ప్రత్యేక శిక…”

ఫాంటుల_పెట్టె
‘శిక’ దగ్గర! ఆ ఒక్క మాటతో దొంగ దొరికాడు. ‘ప్రత్యేక’ 56వ సంకేతంతో ముగుస్తుంది, 57 ఖాళీ, 58 శ, 59 గుడి, 60 క. మీ సైటు తయారు చేసినవాళ్ళు శీర్షికలో మొదటి 60 సంకేతాలు ఉంచి మిగతాది కోసేయమని రాశారు. ‘శిక్షణ’లో ‘క్ష’ నడుమ కత్తి పడింది, పొల్లూ షకారమూ పోయాయి. హద్దు 61 అని పెట్టి ఉంటే ‘శిక్…’ అని వచ్చేది. కూరగాయల శీర్షిక సరిగ్గా 60 కాబట్టి చెక్కుచెదరలేదు.

ఇదే గుర్తుపట్టే పద్ధతి. అక్షరం మధ్యలో తెగి, లేని మాట పుట్టుకొస్తే అది లెక్కపెట్టి కోసిన కోత. మాట చివర తెగి చుక్కలు వస్తే అది వెడల్పును చూసి కోసినది అయి ఉండే అవకాశం ఎక్కువ. అనుమానం ఉంటే పేజీ సోర్సు తెరవండి. పెట్టెలోని పాఠం అక్కడ కూడా ‘శిక…’ అనే ఉంటే కోత మీ సైటుదే.

ఆ పెట్టె వరకు మందు తేలిక. శీర్షికను కోయకుండా మొత్తం పంపించి, పట్టనిదాన్ని దాచే పని బ్రౌజరుకు వదిలేయండి. దానికి వెడల్పు తెలుసు, అక్షరం నడుమ కోయదు.

```
.kuda-chadavandi a {
  display: block;
  overflow: hidden;
  white-space: nowrap;
  text-overflow: ellipsis;
}
```

ఓరుగల్లు_వాకిలి
సోర్సు చూశాను, ‘శిక…’ అనే ఉంది. ఆ కోత తీసేసి ఇది పెట్టాను. ఇప్పుడు ఆ పెట్టెలో రెండు శీర్షికలూ పూర్తిగా పట్టాయి. రెండేళ్ళుగా విద్యార్థినుల వార్తలకు ‘శిక’, ‘సంక్’ అని కత్తిరించి చూపించానంటే మనసు చివుక్కుమంటోంది.

నర్సంపేట_07
గూగుల్‌కు 600 పిక్సెళ్ళు అని ఖచ్చితంగా ఉంది కదా, ఆ అంకె పెట్టుకుని కొలిస్తే అయిపోతుంది. శీర్షిక గూగుల్‌లో ఎలా కనిపిస్తుందో ముందే చూపించే పరికరాలు ఆన్‌లైన్‌లో ఎన్నో ఉన్నాయి. నేను ఒకదాంట్లో వాకిలి గారి కూరగాయల శీర్షిక పెట్టి చూస్తే ఇంకా చాలా చోటు మిగిలిందని చెప్పింది.

ఫాంటుల_పెట్టె
రెండు విషయాలు. ఆ 600 బయటివాళ్ళు కంప్యూటర్ తెర మీద కొలిచి చెప్పుకునే అంకె, గూగుల్ ప్రకటించింది కాదు. శీర్షికకు పొడవు హద్దు లేదు, చూపించేటప్పుడు తెర వెడల్పుకు తగ్గట్టు కుదిస్తాం అని మాత్రమే వాళ్ళ పత్రాల్లో ఉంది. ఫోనులో శీర్షిక రెండో వరుసలోకి దిగుతుంది కాబట్టి అక్కడ లెక్క మళ్ళీ వేరు.

రెండోది, ఆ పరికరం ఏ ఫాంటుతో కొలుస్తోందో చూశారా? చాలావాటిలో ఇంగ్లీషు అక్షరాలకు ఏరియల్ వెడల్పుల పట్టిక ఉంటుంది, అందులో లేని అక్షరానికి ఏదో ఒక సగటు వేస్తారు. ఏరియల్‌లో తెలుగే లేదు. బ్రౌజరు ఆ చోట వేరే తెలుగు ఫాంటు తెచ్చుకుంటుంది. విండోస్‌లో నిర్మల, పాత విండోస్ అయితే గౌతమి, ఆండ్రాయిడ్‌లో నోటో సాన్స్ తెలుగు, ఐఫోనులో కోహినూర్ తెలుగు. ఒకే 20 పిక్సెళ్ళ సైజులో కూడా వీటి వెడల్పులు ఒకటి కావు. య వత్తు ఒక ఫాంటులో అక్షరం కిందే ముడుచుకుంటుంది, ఇంకొకదాంట్లో కుడివైపుకు చాచి చోటు తీసుకుంటుంది. క్రారవడిని కొందరు ఎడమవైపు నుంచి చుట్టి తెస్తారు, దానికోసం అక్షరాన్నే కాస్త జరుపుతారు.

ఇంకొక జాగ్రత్త. నేను పైన ఇచ్చిన కొలతలో Nirmala UI మీ కంప్యూటర్‌లో లేకపోతే బ్రౌజరు ఏమీ చెప్పదు, వేరే ఫాంటుతో కొలిచి అంకె ఇచ్చేస్తుంది. లినక్స్‌లో నడిపి ఆ అంకెను నమ్మవద్దు.

నర్సంపేట_07
నాది లినక్సే. పోతన ఫాంటు పెట్టుకున్నాను, బమ్మెర మన పక్కనే అన్న అభిమానంతో. ఇందాక ఒకటి గమనించాను. ఈ కంప్యూటర్‌లోనూ మా తమ్ముడి విండోస్‌లోనూ గూగుల్‌లో కూరగాయల శీర్షిక ఒకే మాట దగ్గర తెగింది, బీరకాయ తర్వాత. ఫాంట్లు వేరైతే కోత కూడా వేరే చోట పడాలి కదా?

కోడు_కాజీపేట
అంటే గూగుల్ పంపేటప్పుడే కోసి పంపుతోంది. మన ఫాంటుతో పని లేదు.

ఫాంటుల_పెట్టె
అంత తొందరగా తేల్చలేం. మాట చివరే తెగుతుంది కాబట్టి రెండు ఫాంట్లలో కొద్ది తేడా ఉన్నా కోత ఒకే మాట దగ్గర పడవచ్చు. ‘మునగకాయ’ చాలా వెడల్పు మాట, అది పట్టకపోవడానికి రెండు చోట్లా కారణం ఉంది. చిన్న చిన్న మాటలున్న శీర్షికతో చూస్తేనే తేలుతుంది. నర్సంపేట గారూ, మరో పది శీర్షికలు రెండు కంప్యూటర్లలోనూ చూసి చెప్పగలరా?

నర్సంపేట_07
తప్పకుండా. తమ్ముడు ఆదివారం ఊరికి వస్తాడు, అప్పుడు చూస్తాను.

డీటీపీ_మల్లన్న
వాకిలి గారికి ఒక సలహా. ‘హనుమకొండ’ను పాత అలవాటు ప్రకారం ‘హన్మకొండ’ అని రాయండి. ఒక అక్షరం చోటు కలిసి వస్తుంది.

కోడు_కాజీపేట
లెక్కపెట్టాను. రెండూ 8 సంకేతాలే! ఒకదాంట్లో నకారానికి కొమ్ము ఉంది, ఇంకొకదాంట్లో పొల్లు ఉంది, మిగతా అంతా ఒకటే. లెక్క మారలేదు, వెడల్పులో మాత్రం ‘మ’ అంతా కిందకు పోయింది. ఈ చర్చకు ఇంతకంటే మంచి ఉదాహరణ ఉండదు.

పరకాల_వంటిల్లు
నాలుగు పిక్సెళ్ళ కోసం ఊరి పేరు మారుస్తారా? 2021లో జిల్లా పేరే హనుమకొండ అని పెట్టారు. జనం వెతికేది ఆ పేరుతోనే.

డీటీపీ_మల్లన్న
నలభై ఏళ్ళు హన్మకొండ అనే చదివాం తల్లీ, అది తప్పు పేరు ఏమీ కాదు.

ఓరుగల్లు_వాకిలి
తప్పని నేనూ అనను. కానీ పరకాల అక్క మాటే నాకు సబబుగా ఉంది, పేరు ముట్టుకోను. ‘మార్కెట్‌లో’ అని రాయాలా ‘మార్కెట్లో’ అని రాయాలా అన్నది కూడా ఇలాంటిదేనా? నా కీబోర్డులో మొదటిది రావాలంటే మధ్యలో కనిపించని గుర్తు ఒకటి కొట్టాలి.

ఫాంటుల_పెట్టె
బాగా అడిగారు. ఆ కనిపించని గుర్తుకు సొంత వెడల్పు సున్న. అది లేకపోతే ‘ల’ వత్తుగా మారి ‘ట్లో’ అవుతుంది, ఉంటే ‘ట్’, ‘లో’ విడిగా నిలబడతాయి. లెక్కలో తేడా ఒక్క సంకేతం, 10 కాస్తా 11 అవుతుంది. తెర మీద తేడా ఒక నిండు అక్షరం. వెడల్పే లేని గుర్తు శీర్షికను ఒక అక్షరం మేర పెంచుతుంది! చదవడానికి ఏది హాయిగా ఉంటుందో అదే రాయండి, కొలిచేటప్పుడు మాత్రం ఆ గుర్తుతో సహా శీర్షికను ఇవ్వండి.

కోడు_కాజీపేట
కూరగాయల శీర్షికకు ఏం చేద్దాం మరి? ‘ఈరోజు’ బదులు ‘నేడు’ పెడితే ఒక అక్షరం తగ్గుతుంది.

ఓరుగల్లు_వాకిలి
ఇలా మార్చాను:
టమాటా, వంకాయ, బీరకాయ, మునగకాయ ధరలు నేడు హనుమకొండలో

‘కూరగాయల’ తీసేశాను, పేర్లు చెప్పాక ఆ మాట ఎందుకు? విండోస్ కంప్యూటర్‌లో నిర్మలతో కొలిస్తే పాతదానికంటే బాగా తగ్గింది. ఒకవేళ తెగినా ‘హనుమకొండలో’ పోతుంది, ధరలు ఏ కూరలవో తెలుస్తుంది.

పరకాల_వంటిల్లు
వద్దు తమ్ముడూ. ఊరు చివరికి పోతే కరీంనగర్‌వాళ్ళు కూడా తమ ధరలే అనుకుని వస్తారు. ఊరు ముందు ఉండాలి, కూర ఒకటి పోయినా పరవాలేదు.

జమ్మికుంట_శ్రీను
మునగకాయను తీసేయండి. ఎలాగూ దాని ధర చూస్తే ఎవరూ కొనడం లేదు.

ఓరుగల్లు_వాకిలి
అక్క చెప్పిందీ నిజమే. ఈ వారం ఊరు ముందు పెట్టి మూడు కూరలతో, వచ్చే వారం కూరలు ముందు పెట్టి వేసి చూస్తాను. ఆదివారం నర్సంపేట గారి పది శీర్షికల ఫలితం వచ్చాక, కోత గూగుల్ దగ్గర పడుతోందో మన తెర మీద పడుతోందో చూసుకుని కొలత హద్దు పెట్టుకుంటాను. అప్పటిదాకా 60 నియమాన్ని మా వాళ్ళందరినీ గోడ మీద నుంచి తీసేయమన్నాను.